టార్గెట్‌ల సగం అమ్మి మిగతా సగం ట్రెయిల్ చేస్తున్న. గెలుపు శాతం పెరిగింది, పైసలు పెరుగుతలేవు. ఎందుకు?

మూసీఒడ్డు (సూర్యాపేట)

అందరికి నమస్తే. నేను డెలివరీల స్వింగ్ ట్రేడ్లు చేస్త. డైలీ చార్ట్‌ల బ్రేక్‌అవుట్ చూసి కొంటా, ఇంట్రాడే లేదు, ఆప్షన్లు లేవు.

నా పద్ధతి ఒక ఉదాహరణతోటి చెప్త. షేరు 400 దగ్గర బ్రేక్‌అవుట్ అయితే 100 షేర్లు కొంటా, స్టాప్‌లాస్ 380. అంటే పోతే 2,000 పోతది. దాన్నే ఒక ఆర్ అనుకుంటా. ఇంతకుముందు మొత్తం 100 షేర్లు ట్రెయిల్ చేస్తుంటి. 420 దాటినంక స్టాప్‌ను 400కు జరిపి, తర్వాత పది రోజుల కనిష్ఠం కింద స్టాప్ పెట్టుకుంట పోతుంటి. అట్ల చేస్తే పది ట్రేడ్లల మూడే లాభంతోటి ముగిసేటివి. మనసు పాడైపోయేది.

అందుకని ఇప్పుడు 420 రాంగనే 50 షేర్లు అమ్ముతున్న. మిగతా 50కి స్టాప్ 400. తర్వాత ట్రెయిల్ అదే. గెలుపు శాతం 30 నుంచి 55కు వచ్చింది. కానీ అకౌంట్ ముందటంత కూడ పెరుగుతలేదు. మార్కెట్ మారిందా, నా పద్ధతిలనే తేడా ఉన్నదా? ఎవరన్న లెక్క తెలిసినోళ్ళు చెప్పుర్రి.

పాలమూరు_బుల్

అన్నా, నువ్వు కరెక్ట్ తొవ్వల ఉన్నవ్. సగం బుక్ చేసి స్టాప్ కొన్న రేటుకు తెచ్చినంక అది ఫ్రీ ట్రేడ్. పోతే ఏం పోదు, వస్తే ఎంతైన రావచ్చు. గెలుపు శాతం 30 నుంచి 55 అయిందంటే ఎక్స్‌పెక్టెన్సీ, అంటే ట్రేడ్‌కు సగటున మిగిలేది, పెరిగినట్టే కదా. కొన్నాళ్ళు ఓపిక పట్టు, మార్కెట్ బాగలేదు గంతే.

వరిమిల్లు_మిర్యాలగూడ

నాది కూడా ఇదే బాధ. నిఫ్టీ కాల్ ఒక లాట్ కొంటా. 40 పాయింట్లు రాగానే బుక్ చేయాలనిపిస్తది, చేస్తే ఇంకో 100 పోతది. చేయకపోతే మొత్తం తిరిగొస్తది. ట్రెయిలింగ్ స్టాప్ ఎన్ని పాయింట్లు పెట్టాలె చెప్పండి ఎవరైనా.

దేవరకొండ_లెక్కలు

మిర్యాలగూడ అన్నగారూ, మీ ప్రశ్న వేరు. ఒక లాట్‌లో సగం అమ్మే వీలే లేదు. సగం అమ్మాలంటే రెండు లాట్లు కొనాలి, అప్పుడు పోయేదీ రెట్టింపవుతుంది. అది ఇక్కడ కలిపితే దారి తప్పుతాం. వేరే థ్రెడ్ పెట్టండి, అక్కడ మాట్లాడుకుందాం.

మూసీఒడ్డు గారూ, మీరు రెండు సగాలూ వేర్వేరు వరుసల్లో రాస్తున్నారా? రాస్తే మీ ప్రశ్నకు జవాబు మీ షీట్‌లోనే ఉంది. మీ రెండో సగం ఉంది చూడండి, అది మీ పాత పద్ధతే. అవే స్టాప్‌లు, అదే ట్రెయిల్. మొదటి సగం "టార్గెట్‌లో మొత్తం అమ్మేయడం" అనే ఇంకో పద్ధతి. అంటే మీరు ఒకే ట్రేడ్‌లో రెండు పద్ధతులు చెరి సగం నడుపుతున్నారు. ఎన్ని ట్రేడ్లు 420 లాంటి మొదటి మెట్టు తాకకుండా స్టాప్‌కు పోయాయి, తాకినవాటిలో రెండో సగం ఎక్కడ ముగిసింది, ఈ రెండు చెప్పండి చాలు.

మూసీఒడ్డు (సూర్యాపేట)

రాస్తున్న మేడమ్. తేలికగ ఉండాలని వందకు సరిచేసి పెడుతున్న.

వందల 45 ట్రేడ్లు మొదటి టార్గెట్ తాకకనే స్టాప్‌కు పోయినయి. 55 తాకినయి. ఆ 55ల 25 వెనక్కొచ్చి రెండో సగం కొన్న రేటుకే పోయింది. 20 ట్రేడ్లల రెండో సగం ఇంచుమించు ఒకటిన్నర ఆర్ దగ్గర ముగిసింది. 10 ట్రేడ్లు మాత్రం గట్టిగ పోయినయి, సగటున 4 ఆర్.

దేవరకొండ_లెక్కలు

ఇంత శుభ్రంగా రాసుకున్నవాళ్ళు తక్కువ. ఇక లెక్క చూద్దాం. ఖర్చులు కాసేపు పక్కన పెడదాం.

ముందుగా, 420లోనే వంద షేర్లూ అమ్మేసి ఉంటే? 55 సార్లు ఒక ఆర్ వచ్చేది, 45 సార్లు ఒక ఆర్ పోయేది. వంద ట్రేడ్లకు మిగిలేది 10 ఆర్. ట్రేడ్‌కు 0.10.

మీ పాత పద్ధతిలో, అంటే ఏదీ అమ్మకుండా మొత్తం ట్రెయిల్ చేసి ఉంటే? 25 ట్రేడ్లు సున్నా. 20 ట్రేడ్లు ఒకటిన్నర చొప్పున 30. పది ట్రేడ్లు 4 చొప్పున 40. వచ్చింది 70, పోయింది 45. మిగిలేది 25 ఆర్. ట్రేడ్‌కు 0.25.

ఇప్పుడు మీరు చేస్తున్నది. వెనక్కొచ్చిన 25 ట్రేడ్లలో ఒక్కోదానికి అర ఆర్, అంటే 12.5. తర్వాతి 20 ట్రేడ్లలో మొదటి సగానికి 0.5, రెండో సగానికి 0.75, కలిపి 25. ఆ పది పెద్దవాటిలో 0.5, 2 కలిపి రెండున్నర చొప్పున 25. మొత్తం 62.5. పోయింది మళ్ళీ అదే 45. మిగిలేది 17.5. ట్రేడ్‌కు 0.175.

చూశారు కదా, 0.10కీ 0.25కీ సరిగ్గా మధ్యలో పడింది. అనుకోకుండా పడింది కాదు. చెరి సగం కలిపితే సగటు మధ్యలోనే పడాలి. మూడో వంతు అమ్మితే 0.25కు దగ్గరగా, మూడింట రెండు వంతులు అమ్మితే 0.10కు దగ్గరగా జరుగుతుంది. ఎలా విడగొట్టినా రెండింటిలో మంచిదాన్ని మాత్రం దాటదు.

గెలుపు శాతం 30 నుంచి 55 కావడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. మునుపు సున్నాతో ముగిసిన ఆ 25 ట్రేడ్లు ఇప్పుడు అర ఆర్ లాభంగా కనిపిస్తున్నాయి. ఆ 12.5 ఆర్ కోసం మీరు ఇచ్చింది ఏమిటంటే, 20 ట్రేడ్లలో పావు ఆర్ చొప్పున 5, పది పెద్దవాటిలో ఒకటిన్నర చొప్పున 15. ఇచ్చింది 20, పుచ్చుకున్నది 12.5.

పాలమూరు_బుల్

మేడమ్ లెక్క సరే. కానీ ఫ్రీ ట్రేడ్ సంగతి? రెండో సగంల రిస్క్ సున్నా. రిస్క్ లేని దాన్ని రిస్క్ ఉన్నదానితోటి ఎట్ల పోలుస్తరు?

దేవరకొండ_లెక్కలు

రిస్క్ సున్నా కాదండీ. రేటు 420లో ఉన్నప్పుడు ఆ 50 షేర్లలో వెయ్యి రూపాయల లాభం ఉంది. ఆ నిమిషంలో అమ్మితే అది మీ బ్యాంకులో పడుతుంది. అమ్మకుండా 400 స్టాప్ పెట్టుకుంటే ఆ వెయ్యి పందెంలో పెట్టినట్టే. 400 మీరు కొన్న రేటు అన్న సంగతి షేరుకు తెలియదు.

ఇంకొకటి గమనించండి. స్టాప్ తగిలే 45 ట్రేడ్లలో మీరు వంద షేర్ల మీద పోగొట్టుకుంటున్నారు. పెద్దగా వెళ్ళే పదింటిలో యాభై షేర్లతోనే ఉంటున్నారు. నష్టం నిండు సైజులో, పెద్ద లాభం సగం సైజులో. ఎక్స్‌పెక్టెన్సీ తగ్గే చోటు అదే.

గద్వాల_పల్లీ

నాకు షేర్లు అంత తెల్వదు గని మేం పల్లీ ఇట్లనే చేస్తం. పంట రాంగనే సగం మార్కెట్ యార్డుల అమ్ముతం, సగం ఇంట్ల పెడ్తం. రేటు పెరిగితే పెరిగింది, లేకుంటె సగమన్న మంచి రేటుకు పోయింది కదా. ఇండ్ల తప్పేమున్నది? మొత్తం ఉంచి రేటు పడితే అప్పులోడు ఊకుంటడా?

దేవరకొండ_లెక్కలు

తప్పేమీ లేదు అన్నా. అప్పు కట్టాల్సిన రైతుకు సగటు కంటే ఈ సంవత్సరం గడవడం ముఖ్యం. అయితే పల్లీలో మీకు ఏడాదికి ఒకటో రెండో అమ్మకాలు. ఈ తమ్ముడు అదే పందెం మళ్ళీ మళ్ళీ ఆడతాడు కాబట్టి సగటుకు బరువు ఎక్కువ.

పాలమూరు_బుల్

ఇంకో మాట. ఈయన చెప్పిన పది పెద్ద ట్రేడ్లు మంచి మార్కెట్ల వచ్చినయి. మార్కెట్ పక్కకు నడిచే టైంల ఎక్కడొస్తయి? అప్పుడు సగం బుక్ చేసినోడే బతుకుతడు.

దేవరకొండ_లెక్కలు

ఈ మాట మీరు సరిగ్గా పట్టుకున్నారు. ఆ పదిలో ఐదు 4 ఆర్ దాకా పోకుండా వెనక్కొచ్చి కొన్న రేటుకే ముగిశాయనుకోండి. మిగతావన్నీ అట్లాగే ఉంచండి. అప్పుడు మొత్తం ట్రెయిల్‌కు 30, 20 కలిపి 50 వస్తుంది, 45 పోతుంది, మిగిలేది 5 ఆర్ మాత్రమే. టార్గెట్‌లో మొత్తం అమ్మితే మాత్రం ఆ 10 ఆర్ అలాగే ఉంటుంది. మీ చెరి సగం 7.5. వందలో ఐదు ట్రేడ్లు మారితే చాలు, వరుస తలకిందులైంది. కానీ చూడండి, ఇప్పుడు కూడా సగం పద్ధతి మధ్యలోనే ఉంది.

ఇక్కడొక సులువు ఉంది మూసీఒడ్డు గారూ. టార్గెట్ తాకని ఆ 45 ట్రేడ్లు మూడు పద్ధతుల్లోనూ ఒకటే నష్టం ఇస్తాయి. కాబట్టి ఈ నిర్ణయానికి వాటితో పనే లేదు. తాకిన 55ను మాత్రమే తీసుకోండి. వాటిలో ట్రెయిల్ చేసిన సగం సగటున ఎక్కడ ముగిసింది? 70ని 55తో భాగిస్తే 1.27 ఆర్. మీ ఉదాహరణలో అది దాదాపు 425 రూపాయల 45 పైసలు. 420లో అమ్మడం మంచిదా, సగటున 425.45 తెచ్చే దాన్ని పట్టుకోవడం మంచిదా అన్నదే ప్రశ్న. బుల్ గారు చెప్పిన పక్క మార్కెట్ అంకెలతో అయితే 50ని 55తో భాగించాలి, 0.91. అంటే 418.20. అప్పుడు 420లోనే అమ్మేయడం మేలు.

నెలకోసారి ఈ ఒక్క అంకె చూసుకుంటే చాలు. టార్గెట్ తాకిన ట్రేడ్లలో ట్రెయిల్ సగటు టార్గెట్‌కు పైన ఉందా, కింద ఉందా.

మూసీఒడ్డు (సూర్యాపేట)

మేడమ్, ఇది నాకు ఇన్ని రోజులు తట్టలె. నేను మొత్తం ట్రేడ్ల సగటు చూసుకుంట కూసున్న.

అయితే 1.27 ఉన్నది కాబట్టి సగం అమ్ముడు బంద్ చెయ్యాల్నా?

దేవరకొండ_లెక్కలు

అంత తొందర వద్దు. 1.27 అనేది టార్గెట్ కంటే 0.27 ఎక్కువ. కానీ ఈ తేడా ట్రేడ్‌కూ ట్రేడ్‌కూ చాలా ఊగుతోంది. 25 సార్లు మైనస్ ఒకటి, 20 సార్లు ప్లస్ అర, పది సార్లు ప్లస్ మూడు. ఇంత ఊగే దాన్ని 55 ట్రేడ్లతో కొలిస్తే ఆ 0.27కు అటూ ఇటూ 0.2 దాకా తప్పు ఉండటం మామూలే. ట్రెయిల్ వైపు మొగ్గు కనిపిస్తోంది, నిరూపణ కాలేదు. అంతవరకే చెప్పగలను.

జడ్చర్ల_ఉద్యోగి

ఖర్చులు పక్కన పెట్టారు కాబట్టి అవి నేను రాస్తాను. 400 చొప్పున 100 షేర్లంటే 40,000. డెలివరీకి ఎస్‌టీటీ కొన్నప్పుడు 0.1 శాతం, అమ్మినప్పుడు 0.1 శాతం. అంటే 80 పైచిలుకు. కొన్నప్పుడు స్టాంప్ డ్యూటీ ఆరు రూపాయలు, ఎక్స్ఛేంజ్ ఛార్జీ కొద్దిగా, అమ్మిన రోజు డీపీ ఛార్జీ సుమారు 15 రూపాయలు. బ్రోకరేజ్ లేదనుకున్నా వంద రూపాయల పైన పోతుంది. ఆర్ 2,000 కాబట్టి ఇది 0.05 ఆర్. మేడమ్ గారి 0.10 సగమైపోయింది చూడండి.

బ్రోకరేజ్ లేకపోతే సగం సగం అమ్మడం వల్ల అదనంగా పడేది డీపీ ఛార్జీ ఒక్కటే. ఎన్ని షేర్లు అమ్మారని చూడరు, ఒక కంపెనీ షేరుకు ఒక రోజుకు ఒకసారి వేస్తారు. రెండు వేర్వేరు రోజుల్లో అమ్మితే రెండు సార్లు పడుతుంది. 2,000 రిస్క్ తీసుకునేవాళ్ళకు అది లెక్కలోకి రాదు. కానీ ఇక్కడ 300 రూపాయల రిస్క్‌తో ట్రేడ్ చేసే పిల్లలున్నారు. వాళ్ళకు ఆ 15 రూపాయలే 0.05 ఆర్. అలాంటివాళ్ళు మూడు ముక్కలుగా అమ్మడం దండగ.

ఇంకొకటి, జీటీటీ, అంటే చెప్పిన రేటు తాకగానే ఆర్డర్ వెళ్ళేలా ముందే పెట్టుకునేది. కొన్నరోజే 100 షేర్లకు 380 స్టాప్ జీటీటీ, 50 షేర్లకు 420 టార్గెట్ జీటీటీ విడివిడిగా పెట్టి మర్చిపోతారు. 420లో 50 అమ్ముడుపోయాక ఆ స్టాప్ జీటీటీ ఇంకా 100 షేర్లకే ఉంటుంది. తర్వాత రేటు పడి అది ట్రిగ్గర్ అయితే ఖాతాలో 50 ఉండగా 100 అమ్మమని ఆర్డర్ వెళ్ళి రిజెక్ట్ అవుతుంది. మా ఆఫీసులో ఒకాయనకు అట్లే అయింది. స్టాప్ తగిలిందనుకుని నిశ్చింతగా ఉన్నాడు, రెండు రోజుల తర్వాత చూస్తే 50 షేర్లు అట్లే ఉన్నాయి, రేటు 361. మొదటి రోజు నుంచే రెండు యాభైలుగా విడగొట్టి పెట్టాలి. ఒక యాభైకి 380, 420 రెండూ ఉన్న జోడు జీటీటీ, ఇంకో యాభైకి ఒట్టి స్టాప్.

పాలమూరు_బుల్

గాప్ డౌన్ ఓపెన్ అయితే జీటీటీ కూడ పని చెయ్యదు కదా అన్నా?

జడ్చర్ల_ఉద్యోగి

ట్రిగ్గర్ అవుతుంది, లిమిట్ ఆర్డర్ వెళ్తుంది. రేటు మీ లిమిట్ కింద ఓపెన్ అయి పైకి రాకపోతే అది అట్లే పెండింగ్‌లో ఉంటుంది. అందుకే లిమిట్‌ను ట్రిగ్గర్‌కు కొంచెం కిందికి పెడతారు. అయినా పెద్ద గాప్‌ను ఎవరూ ఆపలేరు. 45 నష్టాల్లో కొన్ని ఒక ఆర్ కాదు, ఒకటింబావో ఒకటిన్నరో అయి ఉంటాయి. షీట్‌లో అన్నీ ఒక ఆర్ అని రాసుకున్నారా, నిజంగా పోయింది రాసుకున్నారా?

మూసీఒడ్డు (సూర్యాపేట)

ఒక ఆర్ అనే రాసిన సార్. సరి చేస్త.

కల్వకుర్తి_చార్ట్

అందరూ సగం అమ్మాలా వద్దా అని మాట్లాడుతున్నరు గని, నా దృష్టిల అసలు దొంగ వేరేచోట ఉన్నడు. స్టాప్‌ను 400కు జరుపుడు. ఈయన కొనేదే బ్రేక్‌అవుట్ మీద. 400 అనేది పాత రెసిస్టెన్స్. బ్రేక్‌అవుట్ అయిన షేరు కొంచెం పోయి తిరిగొచ్చి ఆ 400ను తాకి మళ్ళీ లేచుడు మామూలు విషయం. అంటే వెనక్కొస్తే ఎక్కడ ఆగుతదో సరిగ్గ గక్కడనే స్టాప్ పెట్టిండు. ఆ 25 ట్రేడ్లు చచ్చిపోలే, ఈయననే బయటికొచ్చిండు.

నేను సగం అమ్మినంక కూడ మిగతా సగం స్టాప్ 380లనే ఉంచుతా.

పాలమూరు_బుల్

అట్లైతే మొదటి సగంల వచ్చిన వెయ్యి, రెండో సగంల పోయె వెయ్యి. సున్నా అయితది. దానికి సగం అమ్ముడు దేనికి?

కల్వకుర్తి_చార్ట్

సున్నా అయితే అయితది. అది నష్టం కాదు కదా. కానీ బతికిన షేరు పైకి పోతే అండ్ల నేనుంటా.

దేవరకొండ_లెక్కలు

ఇద్దరిదీ ఊహే, ఆ 25 చార్టులు చూస్తే తేలిపోతుంది. సగం అమ్మడం ఒక నిర్ణయం, స్టాప్ జరపడం ఇంకో నిర్ణయం. మనం రెండింటినీ ఒకేసారి చేస్తాం కాబట్టి ఒకటే అనుకుంటాం.

ఇలా చూడండి. 400 తగిలి బయటికొచ్చిన ఆ 25 షేర్లలో, తర్వాత ముందుగా 380 తాకినవి ఎన్ని, తాకకుండా లేచి ట్రెయిల్‌లో పడినవి ఎన్ని? లేచినవి సగటున 2 ఆర్ దగ్గర ముగుస్తాయనుకుందాం. 25లో పది లేచి, 15 స్టాప్‌కు పోతే 20 వచ్చి 15 పోయింది, 5 ఆర్ లాభం. అదే ఆరే లేస్తే 12 వచ్చి 19 పోయింది, 7 ఆర్ నష్టం. మూడింట ఒక వంతు దగ్గర సమానమవుతుంది. అంటే 25లో తొమ్మిది గానీ అంతకంటే ఎక్కువ గానీ లేస్తే కల్వకుర్తి తమ్ముడు రైటు, ఎనిమిది గానీ అంతకంటే తక్కువ గానీ అయితే స్టాప్ జరపడం రైటు. ఇది మొత్తం సైజు లెక్క. సగమే మిగిలి ఉంటే ఆ లాభనష్టాలు కూడా సగమే.

ఒక జాగ్రత్త. చార్ట్ చూసి "ఇది లేచేదే" అని తర్వాత అనుకోవడం చాలా తేలిక. అదే పది రోజుల కనిష్ఠం నియమాన్ని కచ్చితంగా పెట్టి, ఎక్కడ బయటపడేవారో ఆ రేటు రాయండి. కంటికి కనిపించిన శిఖరం రాయకండి.

సునీత_నాగర్‌కర్నూల్

ఇంతసేపు చదువుతున్నా, ఒక మాట అడుగుతా. అందరూ సగటే మాట్లాడుతున్నారు. నేను మొత్తం ట్రెయిల్ చేసినప్పుడు వందలో డెబ్బై ట్రేడ్లు సున్నాకో నష్టానికో ముగిసేవి. వరుసగా ఏడెనిమిది అట్లా పోయాక తొమ్మిదోది కొనబుద్ధి కాదు. ఆ తొమ్మిదోదే 4 ఆర్ పోతుంది. కాగితం మీద 0.25 ఉన్న పద్ధతిని మనిషి పూర్తిగా నడపలేకపోతే అది 0.25 ఎట్లయితది? సగం అమ్మడం మొదలుపెట్టాక నేను ట్రేడ్లు వదలట్లేదు. నాకు అదే లాభం.

దేవరకొండ_లెక్కలు

ఇది నేను కొట్టేయలేని వాదన. ఆ పదిలో రెండు పెద్ద ట్రేడ్లు భయంతో వదిలేస్తే 8 ఆర్ పోయినట్టే, 25 కాస్తా 17 అవుతుంది. సగం పద్ధతిలో ఏదీ వదలకుండా వచ్చిన 17.5 దానికంటే ఎక్కువే.

లెక్కలో కూడా దీనికి ఒక చోటుంది. మొత్తం ట్రెయిల్‌లో ట్రేడ్‌ల ఊగిసలాట, అంటే స్టాండర్డ్ డీవియేషన్, 1.56 ఆర్ వచ్చింది. సగం పద్ధతిలో 1.19. ఊగిసలాట తగ్గింది కాబట్టి సైజు పెంచుకోవచ్చు కదా అంటారు కొందరు. 100 షేర్ల బదులు 131 కొంటే ఊగిసలాట పాత పద్ధతికి సమానమవుతుంది, రాబడి 0.175 నుంచి 0.23కు వస్తుంది. 0.25ను ఈ అంకెలతో అందుకోలేదు, కానీ తేడా చాలా తగ్గింది. వేరేవాళ్ళ అంకెలతో దాటనూ వచ్చు. అయితే సైజు పెంచితే స్టాప్ తగిలినప్పుడు పోయేది 2,000 కాదు, 2,620. అది తట్టుకునే ధైర్యం లేకనే కదా సగం అమ్మడం మొదలుపెట్టింది.

గద్వాల_పల్లీ

మరి సగం అమ్మితే వచ్చిన పైసలతోటి ఇంకో షేరు కొనచ్చు కదా మేడమ్. పైసలు ఊకె కూసోవు.

జడ్చర్ల_ఉద్యోగి

పల్లీ అన్న మంచి పాయింట్ చెప్పాడు. పెట్టుబడి తక్కువున్నవాళ్ళకు ఇది నిజమే. 420లో 50 అమ్మితే 21,000 చేతికొస్తుంది. ఆ రోజు ఇంకో మంచి బ్రేక్‌అవుట్ ఉండి, డబ్బు లేక వదిలేయాల్సి వస్తుంటే, ఆ 21,000 అక్కడ తెచ్చేది కూడా లెక్కలో వేయాలి. ఊరికే సేవింగ్స్ ఖాతాలో పడి ఉంటే మాత్రం వేయొద్దు.

దేవరకొండ_లెక్కలు

ఒప్పుకుంటాను. నా లెక్క ట్రేడ్‌కు ఎంత అన్నదే, నెలకు ఎంత అన్నది కాదు. డబ్బు ఎప్పుడూ చాలని ఖాతాలో జవాబు మారవచ్చు. దానికి ఎన్ని సిగ్నల్స్ డబ్బు లేక వదిలేశారో కూడా రాసి ఉండాలి, అది ఎవరూ రాయరు.

కల్వకుర్తి_చార్ట్

నేను రాస్తా మేడమ్. గని చూసుకోను.

మూసీఒడ్డు (సూర్యాపేట)

రాత్రి కూసోని ఆ 25 చార్ట్‌లు చూసిన. మేడమ్ చెప్పినట్టు పది రోజుల కనిష్ఠం నియమంతోటే. 380 తాకక ముందు లేచినయి 9. వాటిల రెండు ఇంక నడుస్తున్నయి, ముగియలే. మిగతా ఏడింటి సగటు 2 ఆర్‌కు కొంచెం తక్కువ. అంటే కత్తి అంచు మీద ఉన్నట్టు. కల్వకుర్తి అన్నా, నువ్వు గెలిచినట్టు కాదు, ఓడినట్టు కాదు.

ఇంకోటి చూసిన. ఆ పది పెద్ద ట్రేడ్లల ఏడు ఒకే మూడు నెలలల వచ్చినయి.

దేవరకొండ_లెక్కలు

ఆ ఏడూ ఏ రంగాల షేర్లు?

మూసీఒడ్డు (సూర్యాపేట)

ఐదు డిఫెన్స్ షేర్లే. ఒక వారంల అటు ఇటుగ కొన్నయి.

దేవరకొండ_లెక్కలు

అయితే ఆ ఐదింటినీ కలిపి ఒక ట్రేడ్‌గా పెట్టి 1.27ను మళ్ళీ లెక్కగట్టండి. ఒకే ఊపులో కలిసి లేచినవాటిని ఐదు సాక్ష్యాలుగా వేస్తే ట్రెయిల్‌కు లేని బలం వస్తుంది. నోటి లెక్క చెప్తాను. ఐదింటి స్థానంలో ఒకటి పెడితే 70లోంచి 16 పోయి 54, ట్రేడ్లు 51. సగటు 1.06. టార్గెట్‌కు, దానికీ తేడా ఖర్చులంత ఉంది.

అయితే నష్టాల్లో కూడా అట్లా కలిసి పడినవి ఉంటాయి, వెనక్కొచ్చిన 25లో కూడా. వాటినీ అట్లాగే కలపాలి, పెద్దవాటినే కలిపితే అన్యాయం. కొన్న వారం, రంగం రెండూ ఒకటైతే ఒకటే ట్రేడ్ అని పెట్టి చూడండి.

పాలమూరు_బుల్

అంటే ఇప్పుడు సగం అమ్మాల్నా వద్దా, ఒక్క ముక్కల చెప్పుర్రి.

మూసీఒడ్డు (సూర్యాపేట)

నేనైతే ప్రస్తుతం సగమే అమ్ముత అన్నా. సునీత అక్క చెప్పిన కారణం నాకూ ఉన్నది. కానీ రిస్క్ 2,000 దాటనియ్య. షీట్‌ల రంగం, వారం కాలమ్‌లు ఎక్కించి, నష్టాలు నిజంగ ఎంత పోయినయో దిద్ది ఆదివారం మళ్ళ పెడ్త. ఆ రెండు నడుస్తున్న ట్రేడ్లు కూడ అప్పటికి ముగుస్తయేమో.

వరిమిల్లు_మిర్యాలగూడ

నేను వేరే థ్రెడ్ పెట్టిన సార్లు, ఎవరూ జవాబు ఇస్తలేరు.